జనవరి 1న కిటకిట, జనవరి 31న కునుకు: జిమ్ మీమ్స్ మా పిన్నికి ఎలా అర్థమయ్యాయంటే

ఈ ఎపిసోడ్ టాపిక్ నేను ఎంచుకున్నది కాదు, మా పిన్ని ఇచ్చింది. పిన్ని కాశీబుగ్గలో ఒక జీడిపప్పు యూనిట్‌లో పప్పు మీద పొట్టు తీసే పని చేస్తుంది. జీవితంలో ఒక్కసారి కూడా జిమ్ గుమ్మం తొక్కలేదు. మొన్న నేను ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక మీమ్ పెట్టాను. మీరూ చూసే ఉంటారు. పైన ఒక ఫోటో, కింద ఒక ఫోటో. పై దాంట్లో జిమ్ నిండా జనం, ట్రెడ్‌మిల్ దగ్గర క్యూ, దాని మీద "జనవరి 1" అని రాసుంటుంది. కింద దాంట్లో అదే జిమ్ ఖాళీ, ఓనర్ బెంచ్ మీద పడుకుని గురక పెడుతున్నాడు, "జనవరి 31". కజిన్స్ అందరూ పగలబడి నవ్వే ఎమోజీలు పెట్టారు. పిన్ని మాత్రం నాకు ఫోన్ చేసింది.

"ఒరే నాన్నా, ఇందులో నవ్వడానికి ఏటుందిరా? పాపం ఆ ఓనరుకి నష్టమొచ్చేసినాది కదా?"

నేను నవ్వి ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆ మీమ్‌లో నవ్వు రావాలంటే జిమ్‌లో మొదటి నెల ఏం జరుగుతుందో ముందే తెలిసుండాలి. అది తెలియని మనిషికి అది ఖాళీ గది ఫోటో, అంతే. అందుకని ఈ ఎపిసోడ్ మొత్తం పిన్ని కోసం. ఎప్పుడూ ఎక్సర్‌సైజ్ చేయని వాళ్ళందరి కోసం కూడా. ఉదాహరణకి ఎవరినో తీసుకోను, నా జనవరినే తీసుకుంటాను, 2024ది. అప్పటికి నేను బెంగళూరు ఉద్యోగం వదిలేసి పలాస వచ్చి నాలుగు నెలలైంది.

ముందు పిన్ని జాలిపడిన ఓనర్ సంగతి చూద్దాం.

డిసెంబర్ 31 సాయంత్రం నేను మా ఏరియాలో ఒక జిమ్‌కి వెళ్ళాను. రేటు ఎంతంటే నెలకి 800, ఏడాదికి ఒకేసారి కడితే 6,000 అన్నారు. నేను బీటెక్ చదివినవాణ్ణి కదా, లెక్క వేశాను. 800 ఇంటూ 12 అంటే 9,600. అంటే 3,600 మిగులుతుంది! వెంటనే ఫోన్‌పే కొట్టేశాను. ఆ జనవరిలోనూ, ఫిబ్రవరిలోనూ కలిపి నేను ఎన్నిసార్లు వెళ్ళానో తెలుసా? పదకొండు. ఆ తర్వాత ఆ ప్లాన్ మీద మళ్ళీ వెళ్ళలేదు. 6,000ని 11తో భాగిస్తే సుమారు 545. ఒక్కోసారి వెళ్ళినందుకు 545 రూపాయలు కట్టానన్నమాట. రెండు నెలలకి నెలనెలా కట్టి ఉంటే 1,600తో అయిపోయేది. డిస్కౌంట్ కోసం కట్టి, 4,400 ఎక్కువ ఇచ్చుకున్నాను.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అనుకునేవాణ్ణి. కాదని తర్వాత తెలిసింది. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్‌రికే మాల్‌మెండియర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌ల రికార్డులు తీసుకుని, ఏడు వేల ఏడు వందల మందికి పైగా మెంబర్లు ఎప్పుడెప్పుడు వచ్చారో చూశారు. 2006లో దాన్ని అచ్చువేశారు. నెలకి 70 డాలర్లకి పైగా కట్టినవాళ్ళు సగటున నెలకి నాలుగుసార్లే వచ్చారు. అంటే ఒక్కో రోజుకి 17 డాలర్ల పైనే పడింది. అదే జిమ్‌లో పది రోజుల పాస్ కొనుక్కుంటే రోజుకి పది డాలర్లే! వాళ్ళేమీ లెక్క రానివాళ్ళు కాదు. డబ్బు కట్టేటప్పుడు ఎవరైనా లెక్క వేసేది రాబోయే నెలల్లోని తన గురించి. ఆ మనిషి ఎప్పుడూ ఉత్సాహంగానే ఉంటాడని నమ్మి వేస్తాడు.

ఇప్పుడు ఓనర్ వైపు నుంచి చూడండి. హాల్లో ఒకేసారి 25 మంది పడతారనుకుందాం. ఏడాది ఫీజు కట్టినవాళ్ళు 150 మంది. ఆ 150 మందీ సాయంత్రం ఆరింటికి ఒకేసారి వస్తే నిలబడడానికి కూడా చోటుండదు, డంబెల్స్ కోసం కొట్టుకుంటారు. రాకపోవడం వల్లే ఆ గది సరిపోతోంది. మీమ్‌లో ఓనర్ గురక పెడుతున్నాడంటే ఏడాది డబ్బు జనవరి మొదటి వారంలోనే వచ్చేసిందని. నెలనెలా వసూలు చేసుకునే చిన్న జిమ్‌ల సంగతి వేరు, అక్కడ ఫిబ్రవరి నిజంగానే కష్టం. పిన్ని జాలి అలాంటి వాళ్ళకి కరెక్టే.

సరే, డబ్బు కట్టినవాడు ఎందుకు మానేస్తాడు? దీనికి ఇంకో మీమ్ ఉంది. "లెగ్ డే మర్నాడు" అని. కుర్రాడు మెట్ల దగ్గర నిలబడి రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, అప్పుడే పుట్టిన దూడ పిల్లలా కాళ్ళు వంకర్లు తిప్పుతూ దిగుతుంటాడు. కింద బ్రహ్మానందం గారి మొహం ఏదో ఒకటి తగిలిస్తారు. తెలుగు మీమ్‌కి ఆయన మొహం లేకపోతే ఉప్పు లేనట్టే.

ఇది పిన్నికి అర్థం కావడానికి నేను అడిగిన ప్రశ్న ఒకటే. "పిన్నీ, బళ్ళో మేష్టారు గుంజీళ్ళు తీయించారా ఎప్పుడైనా?"

"ఎందుకు తీయించలేదు. యాభై తీయించినారు ఒకసారి. మూడో రోజుకి గాని కూర్చుని లేవలేకపోయాను."

సరిగ్గా అదే. జిమ్‌లో స్క్వాట్స్ అని స్టైల్‌గా పిలిచేది ఇంచుమించు గుంజీళ్ళనే. గమనించండి, పిన్ని "మూడో రోజు" అంది. చేసిన రోజు అంత నొప్పి ఉండదు. మర్నాటికి మొదలవుతుంది, ఒకటి నుంచి మూడు రోజుల మధ్యలో బాగా ముదురుతుంది, వారం లోపల పోతుంది. చాలామంది దీన్ని లాక్టిక్ యాసిడ్ అంటారు. అది తప్పు. లాక్టిక్ యాసిడ్ పని ఆపాక గంటా రెండు గంటల్లోనే సర్దుకుపోతుంది, మూడో రోజు దాకా కూర్చోదు.

అసలు కారణం కిందికి దిగడం. కండరం బరువు మోస్తూ, అదే సమయంలో సాగుతూ ఉంటే దాని పోగుల్లో చాలా చిన్న చిన్న చిరుగులు వస్తాయి. ఒంట్లోని రిపేరు పని మొదలై అక్కడ కొంచెం వాపు, కొంచెం నీరు చేరతాయి. ఆ రిపేరు జరుగుతున్నంత సేపూ ఆ చోటు సున్నితంగా ఉంటుంది. స్క్వాట్‌లో పైకి లేచేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటుంది. కిందికి కూర్చునేటప్పుడు సాగుతూ మీ బరువంతా ఆపుతుంది. మహేంద్రగిరి ఎక్కి దిగిన వాళ్ళని అడగండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గాని, మర్నాడు తొడలు పట్టేసేది దిగినందుకు. మీమ్‌లో కుర్రాడు మెట్లు ఎక్కుతూ కాకుండా దిగుతూ ఎందుకుంటాడో ఇప్పుడు అర్థమైందా? మీమ్ చేసినోడికి ఫిజియాలజీ తెలియకపోవచ్చు. వాడి తొడలకి తెలుసు.

ఇక నా సంగతి. జనవరి 1, సోమవారం. ఫుల్ జోష్. పక్కన ఎవడో అరవై కిలోలు ఎత్తుతుంటే నేను తక్కువా అని, ఒకే రోజు స్క్వాట్స్ ఐదు సెట్లు, లంజెస్ నాలుగు సెట్లు, మళ్ళీ ట్రెడ్‌మిల్. బెంగళూరులో ఐదేళ్ళు కుర్చీకి అతుక్కుని కూర్చున్న కాళ్ళు అవి. బయటికొచ్చి సెల్ఫీ దిగాను, స్టేటస్ పెట్టాను. బుధవారం టెక్కలిలో ఫ్రెండ్ నిశ్చితార్థం. బస్సు ఎక్కడం ఎలాగో ఎక్కాను. దిగేటప్పుడు ఫుట్‌బోర్డు మీద నిలబడి కాలు కిందికి పెట్టలేక వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాను. కండక్టర్ నన్ను చూసి "దెబ్బ తగిలిందా బాబూ" అని అడిగాడు. జిమ్ అని ఎలా చెప్తాం? అక్కడ భోజనాలు బంతిలో, కింద కూర్చోవాలి. కూర్చున్నాను, ఆకు ఎత్తేశారు, అందరూ లేచారు, నేను మాత్రం పెరుగన్నం ఇంకా కావాలన్నట్టు అలాగే కూర్చున్నాను. చివరికి ఇద్దరు చంకల్లో చేతులు పెట్టి లేపారు.

ఇంతవరకు కామెడీయే. తర్వాత జరిగింది మాత్రం మన ప్రాంతం వాళ్ళు కొంచెం జాగ్రత్తగా వినాలి.

ఆ సాయంత్రం పలాస వచ్చాక నేను నేరుగా మందుల షాపుకి బయల్దేరాను. ఒళ్ళు నొప్పుల టాబ్లెట్ ఒక స్ట్రిప్ తెచ్చుకుని, వేసుకుని, మర్నాడు మళ్ళీ జిమ్‌కి పోదామని ప్లాన్. నా నడక చూసి అమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఏటిరా ఈ నడక? ఎక్కడికెల్తన్నావు?"

చెప్పాను. అమ్మ మొహం మారిపోయింది. "టాబ్లెట్టు వద్దు. నొప్పి ఉంటే ఉండనీ. మీ మావయ్యని చూసి కూడా నీకు బుద్ధి లేదా?"

మా పెదమావయ్యది వజ్రపుకొత్తూరు మండలం. కొబ్బరి, జీడి తోట. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వస్తాడు. తోట పనిలో నడుం నొప్పికి ఏళ్ళ తరబడి టాబ్లెట్లు మింగేవాడు. వాటి వల్లే కిడ్నీలు పోయాయని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ చెప్పను. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఏంటన్నది ఇప్పటికీ తేలలేదు. బీపీ, షుగర్ లేనివాళ్ళకి కూడా వస్తోంది, అదే ఇక్కడి సమస్య. పలాసలో 200 పడకల ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబర్‌లో తెరిచింది అందుకే. నేను జిమ్‌లో చేరడానికి రెండు వారాల ముందే అన్నమాట. కారణం తేలకపోయినా, ఇప్పటికే ఉన్న కిడ్నీ సమస్యని ఏది ముదరబెడుతుందో మాత్రం డాక్టర్లకి బాగా తెలుసు. అందులో ఈ నొప్పి టాబ్లెట్లు ఒకటి.

ఎలాగంటే, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్ళే రక్తం తగ్గకుండా ఒళ్ళు ఒక ఏర్పాటు చేసుకుంటుంది, ఆ రక్తనాళాన్ని తెరిచి ఉంచే కొన్ని రసాయనాలు తయారు చేసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి టాబ్లెట్లు నొప్పిని తగ్గించేది సరిగ్గా అలాంటి రసాయనాలనే ఆపి. తొడలో నొప్పి తగ్గుతుంది, అక్కడ కిడ్నీకి దారి ఇరుకవుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాడు ఎప్పుడో ఒకటి వేసుకుంటే పెద్దగా ఏమీ కాకపోవచ్చు. కానీ సముద్రం పక్క ఉక్కలో, ఫ్యాను కింద గంటసేపు చెమట కక్కి, నీళ్ళు తాగకుండా, రోజూ వేసుకుంటే? పైగా తన కిడ్నీ ఎలా ఉందో తెలియని ఉద్దానం కుర్రాడు వేసుకుంటే? కిడ్నీ జబ్బు మొదట్లో ఏ లక్షణమూ చూపించదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ టెస్ట్ చేయించుకుంటేనే తెలుస్తుంది. అమ్మ బలవంతం మీద నేను చేయించుకున్నాను. నార్మల్ వచ్చింది. రిపోర్ట్ వచ్చేదాకా ఆ ఒక్క రాత్రి ఎలా గడిచిందో ఇంట్లో ఇలాంటి పేషెంట్ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. మామూలు నొప్పికీ ప్రమాదానికీ తేడా ఉంది. మామూలుది రెండు కాళ్ళలో సమానంగా ఉంటుంది, కదిలిస్తే కొంచెం సడలుతుంది, రోజురోజుకీ తగ్గుతుంది. అలవాటు లేని ఒంటితో మరీ మితిమీరి చేస్తే ఒక్కోసారి కండరం పోగులు పెద్ద ఎత్తున పగిలి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీని అడ్డేస్తుంది. అప్పుడు మూత్రం డికాషన్ రంగులోకి, కోలా రంగులోకి మారుతుంది, కండరం గట్టిగా ఉబ్బుతుంది, కాలు లేపే బలం కూడా ఉండదు. అలా అయితే ఇంట్లో ఉండకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. అరుదే, కానీ ఇది ఎక్కువగా వచ్చేది మొదటి రోజు హీరోలకే. అలాగే జిమ్‌లో ఎవరైనా క్రియాటిన్ పౌడర్ ఇస్తే, దాని వల్ల టెస్ట్‌లో క్రియాటినిన్ నంబర్ కొంచెం పెరిగి కనిపించవచ్చు. వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి, లేకపోతే ఇంటిల్లిపాదీ హడలిపోతారు.

టాబ్లెట్ లేకుండానే శుక్రవారానికి నా నొప్పి తగ్గింది. మళ్ళీ వెళ్ళాను. ఆశ్చర్యం ఏంటంటే, రెండోసారి స్క్వాట్స్ చేశాక అంత నొప్పి రాలేదు. ఒకసారి ఆ దెబ్బ తిన్న కండరం అదే పనికి కొన్ని వారాల పాటు గట్టిపడి ఉంటుంది. ఇది తెలియక చాలామంది మూడో రోజే, "ప్రతిసారీ ఇలాగే ఉంటుందేమో" అనుకుని మానేస్తారు. ఆ నరకం మొదటిసారికే. దీన్ని పిన్నికి చెప్తే తనే ఉదాహరణ ఇచ్చింది. యూనిట్‌లో కొత్తగా చేరిన గుంటలు మొదటి వారం మెడ, వేళ్ళు పట్టేసి ఏడుస్తారట. నెల తిరిగేసరికి కబుర్లు చెప్పుకుంటూ చేస్తారట. కొబ్బరి చెట్టు ఎక్కేవాళ్ళూ అంతే. రోజుకి ఎన్ని చెట్లు ఎక్కినా వాళ్ళు బస్సు వెనక్కి తిరిగి దిగరు.

మరి నొప్పి పోయాక నేనెందుకు మానేశాను? ఇక్కడ మూడో మీమ్ వస్తుంది. ఒకడు అద్దం ముందు నిలబడి కండ చూపిస్తుంటాడు, "జిమ్‌లో చేరిన రెండో రోజు", "పదిహేనో రోజు", "ముప్పయ్యో రోజు". మూడు ఫోటోలూ ఒకటే. జోక్ అంతే. కానీ అది నూటికి నూరు పాళ్ళు నిజం.

మొదటి మూడు నాలుగు వారాల్లో బలం పెరుగుతుంది, కండ పెరగదు. అంటే కంటికి కనిపించేంత పెరగదు. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, ఉన్న కండరాన్నే ఎక్కువగా వాడుకోవడం మెదడు, నరాలు నేర్చుకుంటాయి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే హార్డ్‌వేర్ అదే, డ్రైవర్ అప్‌డేట్ అయింది. అద్దంలో తేడా తెలియాలంటే సుమారు ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. బరువు సంగతి ఇంకా ఘోరం. నా బోటివాడు జిమ్‌లో ఒక పూట చేసే పనికి 200 కేలరీలు ఖర్చవుతాయనుకోండి. నెలకి 12 సార్లు వెళితే 2,400. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. అంటే తిండి ఏమీ మార్చకపోతే నెలంతా కష్టపడినా తగ్గేది కిలోలో మూడో వంతు లోపే. దానికి తోడు రిపేరు కోసం కండరంలో చేరిన నీటి బరువు. జనవరి 12న నేను మెషీన్ ఎక్కితే, చేరిన రోజు కన్నా 700 గ్రాములు ఎక్కువ చూపించింది. మెషీన్ పాడైందేమోనని పక్కవాణ్ణి కూడా ఎక్కించాను.

అంటే నొప్పి రెండో రోజు వచ్చేస్తుంది, ఫలితం రెండో నెలలో వస్తుంది. మధ్యలో ఉన్న ఆ ఆరేడు వారాలు ఏమీ కనిపించని ఖాళీ. మీమ్‌లన్నీ ఆ ఖాళీలోనే పుట్టాయి.

మన దగ్గర ఆ ఖాళీలో ఇంకో గొయ్యి కూడా ఉంది. స్ట్రావా అనే యాప్ వాళ్ళు జనవరి రెండో శుక్రవారానికి క్విటర్స్ డే అని పేరు పెట్టారు, తీర్మానాలు వదిలేసే రోజు అని. 2024లో అది జనవరి 12. అమెరికా వాడు ఆ రోజు ఎందుకు మానేస్తాడో నాకు తెలియదు గాని, మనం మానేసేది ఎందుకో క్యాలెండర్‌లోనే ఉంది. 14 భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ. నేను 12న జిమ్‌కి వెళ్ళాను, 13న అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. అరిసెలు, మాంసం, ముక్కనుమ, మధ్యాహ్నం నిద్ర. 18న తిరిగొచ్చాను. 19 శుక్రవారం, "సోమవారం నుంచి మొదలెడదాం" అనుకున్నాను. 22న వెళ్ళాను, 24న వెళ్ళాను, 29న వెళ్ళాను, ఫిబ్రవరి 2న వెళ్ళాను. లెక్క పెట్టుకోండి, పండక్కి ముందు ఏడు, తర్వాత నాలుగు. తర్వాత నాలుగు వేల రూపాయల బూట్లు అమ్మ ఇంటి వెనక జీడి చెట్ల కింద పిక్కలేరడానికి వాడుకుంది.

ఇందులో నిజంగా దెబ్బకొట్టింది పండగ కాదు. తొమ్మిది రోజులు ఆపినంత మాత్రాన వచ్చిన బలం పెద్దగా పోదు. దెబ్బకొట్టింది 22న నేను చేసిన పని. ఎక్కడ ఆపానో అక్కడి బరువుతోనే మొదలెట్టి, మళ్ళీ ఒళ్ళు పట్టేసి, "మళ్ళీ మొదటికొచ్చింది" అనుకున్నాను. ఆ రోజు సగంతో మొదలెట్టుంటే మర్నాడు కూడా వెళ్ళేవాణ్ణి.

అదే ఏడాది ఆగస్టులో, ఏ పండగా, ఏ న్యూ ఇయరూ లేని ఒక మంగళవారం మళ్ళీ మొదలెట్టాను, ఈసారి ఇంట్లో. కుర్చీ ముందు నిలబడి, కూర్చున్నట్టు ఆనీ ఆనకుండా ఆని లేవడం. ఎనిమిది సార్లు, కాసేపు ఆగి ఇంకో ఎనిమిది. అంతే ఆ రోజుకి. చూసేవాడికి నవ్వొస్తుంది, నాకే నవ్వొచ్చింది. వారానికి మూడు రోజులు, పొద్దున్న ఆరు లోపల, ఉక్క మొదలవకముందు. నాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: మర్నాడు రెయిలింగ్ పట్టుకోకుండా మేడ మెట్లు దిగగలగాలి. దిగగలిగితే వచ్చే వారం రెండు పెంచు. దిగలేకపోతే పెంచకు. నాలుగో వారం తర్వాత ఐదు కిలోల డంబెల్ గుండెలకి ఆనించుకుని చేశాను. ఎక్కడా టాబ్లెట్ అవసరం రాలేదు. అసలు ఈ పద్ధతికి కారణమే అది. అక్టోబర్‌లో దసరాకి వారం ఆగిపోయింది, తిరిగొచ్చాక సగంతో మొదలెట్టాను, మూడో రోజుకి పాత లెక్కకి వచ్చేశాను. అద్దంలో ఇప్పటికీ పెద్ద తేడా లేదు, మోసం చేయను. కానీ తొమ్మిదో వారంలో పాతిక కిలోల బియ్యం బస్తా మేడ మీదికి మధ్యలో దించకుండా తీసుకెళ్ళాను. మావయ్య ఆ రోజు డయాలసిస్ అయ్యాక మా ఇంట్లోనే కూర్చుని ఉన్నాడు, చూసి "బెంగుళూరోడు బానే మోస్తన్నాడే" అన్నాడు.

ఇదంతా ఫోన్‌లో పిన్నికి చెప్పడానికి గంటంబావు పట్టింది. మొత్తం విన్నాక పిన్ని మళ్ళీ ఆ మీమ్ ఓపెన్ చేసింది. అటు వైపు కాసేపు మాట లేదు. తర్వాత కిసుక్కున నవ్వు వినిపించింది.

"అయితే ఆ ఓనరుగాడు మీ డబ్బులు పెట్టుకుని హాయిగా తొంగున్నాడన్నమాట."

"అంతే పిన్నీ."

"నీ ఆరువేలల్లో ఆ బూట్ల డబ్బులు కూడా కలిపినావా?"

కలపలేదు. బూట్లతో కలిపితే రోజుకి 909 రూపాయలు పడింది.